సుగ్గి పిల్లల హాస్టల్లో రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా: బొంత డైరీ

ఇది కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోని ఒక సీజనల్ హాస్టల్ డైరీ. ఆదోని, కోసిగి వైపు వానాధారం భూములు ఎక్కువ. పంట పోయిన ఏడాది ఇళ్లకు తాళాలు వేసి సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు వెళ్లి, చేల పక్కనే గుడారాలు వేసుకుని నెలల తరబడి ఉంటారు. పిల్లల చదువు ఆగిపోకుండా ఈ హాస్టల్ నడుస్తుంది. మా దగ్గర మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా 32 మంది ఆడపిల్లలు. చూసుకునేది వార్డెన్ మేడమ్, వంటామె, రాత్రి కేర్‌టేకర్‌గా నేను.

పగలు పెద్దగా ఇబ్బంది లేదు. బడి, ఆటలు, స్నానాలు, క్యూలు, వాళ్ల గొడవలు వాళ్లవి. భోజనం అయ్యాక, లైట్లు ఆర్పేలోపు ఉన్న గంటన్నరే కష్టం. ఇలాంటి చోట పనిచేసే వేరే కేర్‌టేకర్లకు పనికొస్తుందని ఏం చేశాం, ఏది పనిచేయలేదు, ఏది మార్చాం అన్నీ రాస్తున్నాను.

ముందు లెక్క

ఏదైనా మార్చేముందు ఒక వారం ఊరికే చూసి రాశాం. అప్పటి పద్ధతి ఇది: 7.15కి భోజనం, తర్వాత 8.45 దాకా టీవీ, 9 గంటలకు ట్యూబ్‌లైట్లన్నీ ఒకేసారి ఆఫ్.

1. రాత్రి 9.45కి ఒక రౌండ్. టార్చి వెలుగు నేల మీదే పడాలి, మొహాల మీద కాదు. మెలకువగా ఉన్నవాళ్లను లెక్కపెట్టి అంకె మాత్రం రాయాలి. "నిద్ర రాలేదా?" అని అడగకూడదు. అడిగితే పక్క మంచం పిల్ల కూడా లేస్తుంది.
2. రాత్రి 8 తర్వాత వచ్చే కడుపునొప్పి, తలనొప్పి ఫిర్యాదులు ఎన్నో వేరే గడిలో రాయాలి.
3. పక్క తడిపిన సంగతి ఈ పుస్తకంలో రాయకూడదు. అది వార్డెన్ మేడమ్ బీరువాలో ఉండే నోటుబుక్కులోనే. పిల్లలకు అందే చోట పేరు పెడితే మర్నాడు బడి మొత్తం తెలిసిపోతుంది.

మొదటి వారంలో 9.45కి మెలకువగా ఉన్నది సగటున 14 మంది. కడుపునొప్పి, తలనొప్పి రోజుకు నాలుగైదు.

టీవీని శనివారం సాయంత్రానికి మార్చాం. పిల్లలు అలిగారు, నాలుగు రోజుల్లో మరిచిపోయారు. సీరియళ్లలో పిల్లల్ని ఎత్తుకెళ్లే సీను వచ్చిన రాత్రి ఎలా ఉండేదో చూసినవాళ్లకు ఇంతకంటే కారణం చెప్పనక్కర్లేదు.

ఖర్చు: నోటుబుక్కు, పెన్నులు రూ. 60. మొత్తం: రూ. 60.

మొదటి దశ: కళ్లు మూసుకునే ధ్యానం, ఎందుకు ఆపేశాం

మొదట అందరూ చెప్పే పద్ధతే పెట్టాం. వరసల్లో కూర్చోబెట్టి, లైట్లు తీసేసి, కళ్లు మూసుకుని పది నిమిషాలు నిశ్శబ్దంగా ఉండమన్నాం. పెద్ద తరగతుల వాళ్లు ముసిముసిగా నవ్వారు. చిన్నవాళ్లు ఒక కన్ను తెరిచి తలుపు వైపు చూశారు. కొత్తగా చేరిన ఒక పిల్ల మూడో నిమిషంలో వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది, దాన్ని చూసి ఇంకో ఇద్దరు.

కారణం ఆలోచిస్తే కష్టమైనదేం కాదు. భయంగా ఉన్న పిల్ల చుట్టూ కనిపెట్టుకుని ఉంటుంది. ఎవరొచ్చారు, తలుపు ఎక్కడుంది, అక్క ఎక్కడుంది అని కళ్లతో వెతుక్కుంటూనే ధైర్యం తెచ్చుకుంటుంది. కళ్లు మూయించి, చీకటి చేసి, శబ్దం ఆపేస్తే ఆ ఆసరా పోతుంది. లోపల తిరిగే ఆలోచనలు ఒక్కటే మిగులుతాయి.

మార్చిన పద్ధతి:

1. వీపు గోడకు ఆనించి కూర్చోవాలి. వెనక ఎవరూ ఉండరు, తలుపు ఎదురుగా కనిపిస్తుంది.
2. కళ్లు తెరిచే ఉండొచ్చు. నేల మీద ఒక గచ్చు పలక మీద చూపు నిలిపితే చాలు.
3. ముక్కుతో మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చాలి, నోటితో ఐదు అంకెలంత సేపు వదలాలి. ఎలా వదలాలి అంటే, వేడి సంగటి ముద్దను ఊదినట్టు. ఈ ఒక్క మాటతో మూడో తరగతి పిల్లకూ అర్థమైపోయింది.
4. పది ఊపిర్లు అయ్యాక ఆపేయాలి.
5. చేయనన్న పిల్లను బలవంతపెట్టకూడదు. పక్కన కూర్చుంటే చాలు.

వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది, అందుకే మూడు, ఐదు. మధ్యలో ఊపిరి బిగబట్టమని చెప్పొద్దు. కంగారుగా ఉన్న పిల్లకు, ఆయాసం ఉన్న పిల్లకు అది ఇంకా కష్టం. కొందరు మెచ్చుకోలు కోసం పెద్దపెద్దగా, గబగబా పీలుస్తారు. తల తిరుగుతోందని, పెదాల దగ్గర, వేళ్ల చివర తిమ్మిరిగా ఉందని అంటే జరుగుతున్నది అదే. వెంటనే ఆపించి మామూలుగా ఊపిరి తీసుకోనిచ్చి, మర్నాడు "చిన్నగా, మెల్లగా" అని గుర్తు చేయాలి.

దీని వల్ల ఏడుపు ఆగింది. 9.45 లెక్క మాత్రం 13కే వచ్చింది. అంటే ఊపిరి పని ఒక్కటే సరిపోదు.

రెండో దశ: వెలుగు

పెద్ద హాల్లో రెండు తెల్లటి ట్యూబ్‌లైట్లు. తొమ్మిది దాకా పట్టపగలులా ఉండి, ఒక్క స్విచ్‌తో కటిక చీకటి అయ్యేది. ఆ స్విచ్ శబ్దానికే కొందరు దుప్పటి ముసుగు పెట్టేవారు.

పక్క గోడలకు రెండు పసుపు వెలుగు ఎల్‌ఈడీ బల్బులు పెట్టాం, ఒక్కోటి 5 వాట్లు. కొనేటప్పుడు డబ్బా మీద 2700K లేదా 3000K అని ఉందా చూసుకోవాలి. షాపులో అడిగితే చాలాసార్లు 6500K చేతిలో పెడతారు, అది మళ్లీ ట్యూబ్‌లైట్ తెలుపే. రాత్రి 8.15కి ట్యూబ్‌లైట్లు ఆఫ్, ఈ రెండూ ఆన్. 9 గంటలకు ఒకటి ఆఫ్. 9.15కి రెండోది కూడా ఆఫ్ చేసి, బాత్రూం దారిలో ఒక జీరో బల్బు, మంచాల వరస చివర ఒక జీరో బల్బు రాత్రంతా ఉంచుతాం.

బాత్రూం దారిలో పెట్టిన బల్బుకు మేం అనుకోని ఫలితం వచ్చింది. పక్క తడిపే ముగ్గురిలో ఒక పిల్ల రెండు వారాలకు దాదాపు మానేసింది. తనకు నిద్రలో తెలియక కాదు, మెలకువ వచ్చినా చీకట్లో ఆ వరండా దాటాలంటే భయం. మిగతా ఇద్దరికి తేడా రాలేదు. వాళ్లను తిట్టకుండా, పొద్దున్నే అందరికంటే ముందు లేపి బట్టలు మార్పించడమే చేశాం.

ఖర్చు: పసుపు బల్బులు రెండు రూ. 180, హోల్డర్లు రూ. 60, జీరో బల్బులు రెండు రూ. 80. ఇప్పటిదాకా మొత్తం: రూ. 380.

కరెంటు పోతే ఇదంతా పోతుంది. మొదటిసారి పోయిన రాత్రి హాలంతా కేకలు. ఆ వారమే రూ. 350 పెట్టి ఛార్జింగ్ లైటు కొన్నాం. అది ఎప్పుడూ ఒకే మేకుకు వేలాడుతుంది, ఎక్కడుందో ప్రతి పిల్లకూ తెలుసు.

ఇప్పటిదాకా మొత్తం: రూ. 730. రాత్రి 9.45 లెక్క: 10.

మూడో దశ: బొంత

చేతులకు పని లేకపోవడం ఇంకా మిగిలిన సమస్య. బొమ్మలు గీయడం పెట్టి చూశాం. పగలు బాగుండేది, రాత్రి మాత్రం "నాది బాలేదు" అని చించేసేవారు. అచ్చనగండ్లలో గెలుపోటములు వచ్చి, గొంతులు లేచి, పడుకునే వేళకు ఒంట్లో ఉడుకు ఎక్కేది. రాత్రికి కావలసింది గెలుపు లేనిది, ఎక్కడ ఆపినా పరవాలేనిది, ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేసేది.

"మా అవ్వ బొంత కుడ్తాది" అని ఒక ఆరో తరగతి పిల్ల అంది. ఈ పక్క ఊళ్లలో పాత చీరలు పొరలుగా వేసి పొడుగు కుట్లతో బొంత కుట్టని ఇల్లు తక్కువ. పిల్లలు అది చూసే పెరిగారు.

మేం చేసిన విధం:

1. ఉతికి ఆరబెట్టిన పాత నూలు చీరలు ఐదు. కిందొకటి, పైనొకటి, మధ్యలో మూడు. సిల్కు, సింథటిక్ వద్దు, జారిపోతాయి.
2. ముడతలు లేకుండా నేల మీద పరిచి, అంచులూ నాలుగైదు చోట్ల మధ్యలోనూ పెద్ద పెద్ద టాకాలు వేయాలి. ఇది పగలే పెద్దవాళ్లు చేసిపెట్టాలి.
3. దారానికి సుద్ద పూసి బిగించి లాగి కొడితే గీత పడుతుంది. గీతకు గీతకు మధ్య రెండు వేళ్ల ఎడం.
4. మందం నూలు దారం ఒంటి పేటే. పొడవు భుజం నుంచి వేళ్ల దాకా, అంతకు మించొద్దు. పొడుగు దారం చిక్కు పడుతుంది, చిక్కు పడితే ఆ పిల్లకు ఆ రాత్రికి ఏడుపే.
5. ఒకసారి పది మందికి మించి కూర్చోకూడదు. మిగతావాళ్లలో కొందరు బట్ట పేలికలతో మూడు పాయల జడ అల్లుతారు, కొందరు కథ వింటారు. వారానికి ఒకసారి గుంపులు మారతాయి.
6. ఐదో తరగతి లోపు పిల్లలకు సూది ఇవ్వం. వాళ్లకు జడ పనే. ఆ జడలే తర్వాత బొంత అంచుకు కుడతాం.
7. పాతిక నిమిషాలు. 8.40కి ఎక్కడున్నా ఆపి, సూదిని ఎర్ర గుడ్డకు గుచ్చేసి లేవాలి.

సూదుల సంగతి విడిగా చెప్పాలి. పన్నెండు సూదులు, ఎర్ర గుడ్డ మీద పెన్నుతో రాసిన పన్నెండు గళ్లు. పనికి ముందు లెక్క, పని తర్వాత లెక్క. పన్నెండూ గళ్లలోకి చేరే దాకా ఎవరూ ఆ చోటు నుంచి లేవరు. ఒక రాత్రి ఒకటి తగ్గింది. బొంత దులిపి, చాప ఎత్తి వెతికితే లంగా అంచుకు గుచ్చుకుని కనిపించింది. మంచాల దగ్గరికి సూది వెళ్తే కాలికి గుచ్చుకోవడం చిన్న ప్రమాదం. తనను తాను గాయపరుచుకునే అలవాటున్న పిల్ల ఉంటే అదే పెద్ద ప్రమాదం. అలాంటి అనుమానం ఏ పిల్ల మీద ఉన్నా ఆ పిల్లకు జడ పనే ఇవ్వండి, కారణం అందరి ముందు చెప్పకుండా.

మార్చుకోవాల్సి వచ్చినవి రెండున్నాయి. మొదటిది చీరలు. "ఇంటి నుంచి అమ్మ చీర ముక్క తెచ్చుకుని కుడదాం" అన్న మాట వినడానికి బాగుంది. కానీ అమ్మ లేని పిల్లలు ఇద్దరున్నారు. ఇంటికి తాళం వేసి ఉండి ముక్క తెచ్చుకునే వీలు లేనివాళ్లు చాలామంది. అందుకని పై చీరలు అందరికీ ఉమ్మడివే. ఎవరి దగ్గరైనా సొంత ముక్క ఉంటే, ఎవరికీ కనిపించకుండా లోపలి పొరలో తనకిష్టమైన చోట పెట్టుకోవచ్చు. ఒకమ్మాయి అరచెయ్యంత ఆకుపచ్చ పైట ముక్కను లోపల దూర్చి, ఆ చోటు గుర్తుండేలా పైన రెండు గీతలు దగ్గరదగ్గరగా కుట్టుకుంది.

రెండోది మెచ్చుకోలు. "నీ గీత ఎంత బాగొచ్చిందో" అని మొదట్లో అనేవాళ్లం. వెంటనే పక్క పిల్ల తన కుట్లు విప్పడం మొదలుపెట్టేది. ఇప్పుడు కుట్టు గురించి ఏమీ అనం. వంకర కుట్టయినా పొరల్ని పట్టి ఉంచుతుంది కాబట్టి విప్పించం.

మాటలు కూడా ఇక్కడే బయటికొచ్చాయి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే తల వంచుకునే పిల్ల, చూపు బట్ట మీద ఉన్నప్పుడు తనంతట తనే చెబుతుంది. మనం అడగకుండా ఉంటే చాలు.

ఖర్చు: మందం సూదులు రూ. 50, దారం ఐదు రీళ్లు రూ. 125, కత్తెర రూ. 120, సుద్ద రూ. 10. చీరలు ఊళ్లో ఇచ్చారు. ఇప్పటిదాకా మొత్తం: రూ. 1,035. రాత్రి 9.45 లెక్క: 7.

ఈ తగ్గుదల అంతా బొంత వల్లేనని అనుకోవద్దు. రోజులు గడిచే కొద్దీ కొత్త పిల్లలు చోటుకు అలవాటు పడతారు, అది కూడా ఇందులో కలిసి ఉంది.

నాలుగో దశ: చీటీల డబ్బా, ఫోను

దిగులు రాసి వేయమని ఒక డబ్బా పెట్టాం. రాత్రి 8 గంటలకు రాయిస్తే దిగులు తగ్గడానికి బదులు గుర్తుకొచ్చేది. రాసి, ఆ కాగితం గురించే ఆలోచిస్తూ పడుకునేవారు. సాయంత్రం 5 గంటలకు మార్చాం. చీటీ వేసిన పిల్లతో 6 లోపు ఎవరో ఒకరం మాట్లాడతాం. అప్పుడు రాత్రికి కొత్తగా చెప్పుకోవాల్సింది తక్కువ.

డబ్బా పెట్టేవాళ్లు మొదటి రోజే పిల్లలకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి: "నువ్వు రాసింది నలుగురికీ చెప్పను. కానీ ఎవరైనా నిన్ను కొడుతున్నారని, తాకకూడని చోట తాకుతున్నారని రాస్తే, నిన్ను కాపాడటానికి చెప్పాల్సినవాళ్లకు చెప్తాను." ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకూడదు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం వస్తుంది. మనమే విచారణ మొదలుపెట్టి పిల్లను పదేపదే అడగకూడదు. ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టాలి, అంతే.

ఇళ్లకు ఫోన్లు ఆదివారం రాత్రి 8కి ఉండేవి. మాట్లాడి ఏడుస్తూ నేరుగా మంచం ఎక్కేవారు. పొద్దున పెడదామంటే పెద్దవాళ్లు చేలో ఉంటారు. చివరికి సాయంత్రం 6.15కి కుదిరింది, వాళ్లు గుడారాలకు చేరే వేళ. తర్వాత భోజనం, పిల్లల సందడి, బొంత. ఏడుపుకు రెండున్నర గంటల టైం దొరుకుతుంది.

ఒక పిల్ల సంగతి

నాలుగో తరగతి పిల్ల. లైటు ఆర్పగానే కడుపునొప్పి. పగలు ఎప్పుడూ లేదు. ముందు పీహెచ్‌సీకి తీసుకెళ్లాం, డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. ఈ మెట్టు దాటేయకూడదు. భయం వల్ల వచ్చే నొప్పి కూడా నిజమైన నొప్పే కాబట్టి "నాటకం" అన్న మాట మా దగ్గర ఎవరూ వాడరు.

ఊపిరి పని చేసేది, జడ అల్లేది, తొమ్మిదింటికి మళ్లీ నొప్పి. ఒక రాత్రి దుప్పటి సర్దుతుంటే కాళ్లకు చెప్పులున్నాయి. తలకింద దిండు లేదు, బట్టలు సర్దిన సంచి ఉంది. బొంత దగ్గర జడ అల్లుతూ తనే చెప్పింది: "అమ్మ రేపొస్తానన్యాదక్కా. వస్తే చప్పున పోవల్ల గదా."

ఫోన్లో పిల్ల ఏడుపు ఆపడానికి వాళ్లమ్మ ప్రతివారం "రేపొస్తా" అనేది. పిల్ల ప్రతి రాత్రీ ఎదురు చూస్తోంది. వాళ్లమ్మతో విడిగా మాట్లాడాను.

"అక్కా, రేపొస్తానని చెప్పొద్దు. ఎప్పుడొస్తారో ఉన్నది చెప్పండి."

"ఏడుస్తాంటే ఏం జెప్పల్ల మేడమ్? నా వల్ల గాలేదు."

"ఏడిస్తే మేమున్నాం. ఏడవనీండి."

తర్వాతి ఆదివారం ఆమె మిరప కోతలు అయ్యాకే, ఉగాది ముందర వస్తానని చెప్పింది. ఆ రాత్రి పిల్ల చాలాసేపు ఏడ్చింది. వార్డెన్ మేడమ్ పక్కన కూర్చున్నారు, ఊరుకోమని అనలేదు. మర్నాడు గోడ క్యాలెండర్లో ఉగాదిని చూపించాం. ప్రతి ఆదివారం ఫోన్ అయ్యాక ఆ వారం కొట్టేసే పని తనదే. మంచాన్ని తలుపు కనిపించే గోడ వారకు మార్చాం. చెప్పులు మంచం కిందే, చెయ్యి చాపితే అందేలా పెట్టుకోమన్నాం. సూదులు ముట్టకుండా, ఎర్ర గుడ్డ గళ్లు చూసి లెక్క అప్పజెప్పే బాధ్యత ఇచ్చాం. ఆ పని ఉన్నందుకు 8.40కి తను హాలు మధ్యలో ఉండాల్సి వచ్చేది.

నాలుగు వారాల్లో నొప్పి వారానికి ఒకటి రెండు రాత్రులకు తగ్గింది. మధ్యలో కూలీల బండి బోల్తా పడిందన్న పుకారు బడిలో వచ్చినప్పుడు మళ్లీ చెప్పులు కాళ్లకు ఎక్కాయి. ఆదివారం దాకా ఆగకుండా అప్పటికప్పుడు ఫోన్ చేయించాం. అలాంటి రోజున నియమం పట్టుకుని కూర్చోకూడదు.

ఇవి మా చేతిలో పని కాదు

బొంత, ఊపిరి, పసుపు బల్బు మామూలు దిగులుకు సరిపోతాయి. రెండు వారాలు దాటాక కూడా నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, ఉలిక్కిపడి లేచి ఎక్కడున్నదీ తెలియకుండా అరుస్తున్నా ఆగకుండా డాక్టరుకు చూపించాలి. చచ్చిపోతానని అన్నా, గాయాలు చేసుకున్నా అదే రోజు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పలుకుతుంది. ఆ నంబరు, 1098, పీహెచ్‌సీ నంబరు మా ఛార్జింగ్ లైటు పక్కనే అట్ట మీద రాసి ఉన్నాయి.

ప్రస్తుతం

సంక్రాంతికి ఇళ్లకు వెళ్లి వచ్చాక లెక్క 7 నుంచి 12కి పెరిగింది. ఆ వారం సూది పని పెట్టకుండా ఊపిరి, జడ, కథతో మొదటి నుంచి నడిపాం. పది రోజుల్లో 8కి వచ్చింది. కథల్లో, పాటల్లో చిన్న మార్పు: అమ్మ పేరు వచ్చే లాలి పాటలు తీసేశాం, ఒకరు ఏడిస్తే వరసగా అందరూ ఏడుస్తున్నారు. విన్న కథే మళ్లీ అడిగితే మళ్లీ అదే చెబుతున్నాం. లైట్లు ఆర్పాక పెద్ద పిల్లలు చెప్పే దయ్యాల కథలు ఇంకా పూర్తిగా ఆగలేదు. వాళ్ల మంచాలు చిన్నవాళ్ల వరస నుంచి దూరంగా జరిపాం.

మొదటి బొంత మూడొంతులు అయింది. ఎవరింటికి పోవాలన్న గొడవ రాకుండా, అది హాస్టల్‌దేనని, జ్వరం వచ్చిన పిల్లకు కప్పేదని పిల్లలే తీర్మానించారు. నేను సెలవు పెట్టిన రాత్రి ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. వంటామెకు సూదుల లెక్క, లైట్ల వేళలు నేర్పుతున్నాను. ఆమె ఉన్న మొదటి రాత్రి లెక్క 11. రెండో రాత్రి 9.